స్కేల్ బార్ కత్తిరించడం తప్పేనా? సైన్స్ ఫొటోల్లో క్రాప్ ఎంతవరకు చెల్లుతుంది

క్లుప్తంగా: క్రాప్ చేయడం దానికదే మోసం కాదు, పేరున్న జర్నళ్లు దాన్ని నిషేధించనూ లేదు. కానీ కత్తిరింపులో కొలత చెప్పే గుర్తు పోతే, అదే కొలతను సరిగ్గా లెక్కగట్టి మళ్లీ బొమ్మలో పెట్టాలి. కత్తిరించని అసలు ఫైలు దాచి ఉంచాలి, ఎడిటర్ అడిగినప్పుడు చూపాలి. కత్తిరించిన ముక్కలో పాఠకుడి నిర్ణయాన్ని మార్చేది ఏదైనా ఉంటే మాత్రం అది సర్దుబాటు కాదు, డేటాను దాచడం అవుతుంది.

అడుగున ఉండే నల్ల పట్టీ

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఫొటో తీస్తే దాని అడుగున ఒక నల్ల పట్టీ వస్తుంది. అందులో వోల్టేజి, నమూనాకు లెన్సుకు మధ్య దూరం, ఎన్ని రెట్లు పెద్దది చేశారో చెప్పే అంకె, తేదీ, చివర్లో స్కేల్ బార్ అనే చిన్న తెల్ల గీత, ఆ గీత పొడవు ఎన్ని మైక్రాన్లో చెప్పే అంకె ఉంటాయి. ఇలాంటివి ఆరు ఫొటోలు పక్కపక్కన పేర్చి ఒక బొమ్మ చేయాల్సి వచ్చినప్పుడు ఆ ఆరు పట్టీలూ జాగా తినేస్తాయి, అచ్చులో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, ఎవరూ చదవలేరు. అందుకని చాలామంది ఆ పట్టీని కత్తిరించేస్తారు. పక్క ల్యాబ్ వాళ్ల పేపర్లో పట్టీ లేని ఫొటో చూసిన విద్యార్థికి ఇది చేయొచ్చా, తర్వాత పట్టుబడితే తప్పంటారా అని టెన్షన్ పట్టుకుంటుంది.

చేయొచ్చు, రోజూ జరిగే పనే. షరతు ఒక్కటే: పోయిన గీత స్థానంలో అదే కొలతకు సరిపోయే కొత్త గీత, స్పష్టంగా కనిపించేలా పెట్టాలి. వోల్టేజి లాంటి వివరాలు ప్రయోగ పద్ధతుల భాగంలో రాసుకోవచ్చు, అవి బొమ్మ మీదే ఉండాలని లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పట్టీని కత్తిరించి, గీత పెట్టకుండా, బొమ్మ కింద "20,000 రెట్లు" అని రాసి సరిపెట్టుకుంటారు. ఆ అంకె ఫొటోకు సంబంధించింది అనిపిస్తుంది గానీ, నిజానికి అది ప్రింటుకు సంబంధించింది. మైక్రోస్కోప్ సాఫ్ట్‌వేర్ తన మనసులో ఒక వెడల్పు పెట్టుకుంటుంది, ఉదాహరణకు 12 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ వెడల్పులో చూసినప్పుడే ఆ అంకె నిజం. అదే ఫొటోను సెమినార్ హాల్లో 2.4 మీటర్ల తెర మీద వేస్తే అది 20 రెట్లు పెరిగింది, అంటే ఇప్పుడు 4,00,000 రెట్లు. ఫోన్‌లో చూస్తే ఇంకో లెక్క. గీత అలా కాదు. ఫొటో పెరిగితే గీత కూడా అంతే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది, కాబట్టి అది ఎక్కడ చూసినా నిజమే చెబుతుంది. నేచర్ జర్నల్ రెట్ల అంకెకు బదులు స్కేల్ బార్ పెట్టమని అడిగేది ఇందుకే.

గీత మళ్లీ గీసేటప్పుడు జరిగే పొరపాటు

కత్తిరించడం కన్నా, తిరిగి పెట్టడంలోనే ఎక్కువ ప్రమాదం ఉంది. ఒక మామూలు ఉదాహరణ లెక్కతో చూద్దాం.

కెమెరా సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ వెడల్పు 6.5 మైక్రాన్లు, మైక్రోస్కోప్ లెన్స్ 40 రెట్లది, మధ్యలో ఇంకే లెన్సూ లేదు. అప్పుడు ఫొటోలో ఒక్కో పిక్సెల్ నమూనా మీద 6.5 ÷ 40, అంటే 0.1625 మైక్రాన్లకు సమానం. 50 మైక్రాన్ల గీత కావాలంటే దాదాపు 308 పిక్సెళ్ల పొడవు గీయాలి. 2048 × 2048 పిక్సెళ్ల ఫొటోలో అది సుమారు ఏడో వంతు వస్తుంది.

ఇప్పుడు మధ్యలోంచి 1000 × 1000 ముక్క క్రాప్ చేశారు. పిక్సెల్ కొలత మారిందా? లేదు. కత్తిరింపు అంచుల్ని తీసేస్తుంది తప్ప లోపలి పిక్సెళ్లను ముట్టుకోదు. 50 మైక్రాన్లంటే ఇప్పటికీ 308 పిక్సెళ్లే. ఆ తర్వాత ఫైలు బరువు తగ్గిద్దామని దాన్ని 500 × 500 కి కుదించారు. చిక్కు మొదలయ్యేది ఇక్కడే. ఇప్పుడు ఒక్కో పిక్సెల్ 0.325 మైక్రాన్లు, 50 మైక్రాన్ల గీత 154 పిక్సెళ్లే ఉండాలి. డైరీలో రాసుకున్న పాత అంకె పెట్టి 308 పిక్సెళ్ల గీత గీసి "50 మైక్రాన్లు" అని రాస్తే, ఆ గీత నిజానికి 100 మైక్రాన్లు చూపిస్తోంది. 20 మైక్రాన్ల కణం పాఠకుడికి 10 మైక్రాన్లదిగా కనబడుతుంది. వైశాల్యం లెక్కేస్తే నాలుగో వంతుకు, ఘనపరిమాణం లెక్కేస్తే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇందులో మోసం చేయాలన్న ఉద్దేశం ఎక్కడా లేదు, అయినా అచ్చయింది మాత్రం అబద్ధమే.

ఫొటోల్లో కొలతలు తీసే ఇమేజ్‌జె సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు తెలిసిన ఇంకో ఉచ్చు ఉంది. కొలత ఇచ్చే `Set Scale` పెట్టెలో అడుగున `Global` అని ఒక చిన్న టిక్ ఉంటుంది. అది పెడితే, ఆ కొలత తెరిచి ఉన్న ఫొటోలన్నిటికీ, ఆ తర్వాత తెరిచే వాటికీ అంటుకుంటుంది. ఉదయం 40 రెట్ల లెన్స్ ఫొటోలకు ఆ టిక్ పెట్టి, మధ్యాహ్నం 10 రెట్ల ఫొటోలు తెరిస్తే, వాటి మీద పడే ప్రతి గీత నాలుగు రెట్లు తప్పు. మైక్రోస్కోప్ సొంత ఫార్మాట్‌లో ఉన్న ఫైలు తన పిక్సెల్ కొలతను లోపలే మోసుకొస్తుంది. దాన్ని జేపెగ్‌గా మార్చి వాట్సాప్‌లో పంపుకున్నాక ఆ సమాచారం పోతుంది, ఫొటో తెరిస్తే కొలత ఉత్త పిక్సెళ్లలో కనిపిస్తుంది. ఆ స్థితిలో ఫొటో మీద ఉన్న గీత కూడా కత్తిరించేసి ఉంటే, ఇక ఆ ఫొటోకు కొలత అనేదే లేనట్టు. అందుకే పని తెలిసినవాళ్లు ముందు అసలు ఫైలు మీదే గీత వేయించి, ఆ తర్వాతే కుదింపుకు వెళ్తారు. అప్పుడు గీత, కణం రెండూ కలిసే కుదించుకుంటాయి.

పక్కన పెట్టిన రూలర్ ఎందుకు

మైక్రోస్కోప్ లేనిచోట ఇదే పని రూలర్ చేస్తుంది. మందు రాసిన పుండు మొదటి రోజు ఫొటో, పద్నాలుగో రోజు ఫొటో పక్కపక్కన వేశారనుకుందాం. రెండింటిలోనూ పుండు పక్కన కాగితపు రూలర్ పెట్టారు, బొమ్మ చక్కగా కనిపించాలని రెండింట్లోనూ అది కత్తిరించేశారు. మొదటి ఫొటో 30 సెంటీమీటర్ల దూరం నుంచి, రెండోది 45 నుంచి తీసి ఉంటే, పుండు ఒక్క మిల్లీమీటరు కూడా మానకపోయినా పొడవులో మూడింట రెండు వంతులుగా, వైశాల్యంలో దాదాపు 44 శాతంగా కనిపిస్తుంది. సగానికి పైగా మానినట్టే లెక్క. రూలర్ ఉంటే ఈ తేడా చూడగానే తెలిసిపోయేది, ఎందుకంటే రెండో ఫొటోలో సెంటీమీటరు కూడా అంతే చిన్నదై ఉండేది. రూలర్ తీసేయక తప్పదనుకుంటే, రెండు ఫొటోల్నీ ఒకే కొలతకు తెచ్చి, రెండింటి మీదా గీత పెట్టాలి. ఒకదాని మీద పెట్టి రెండోదాన్ని వదిలేయడం చాలదు.

బ్లాట్‌లో కొలబద్ద: అసలు గొడవంతా ఇక్కడే

ప్రచురణల్లో కత్తిరింపు గురించి ఎక్కువ తగాదాలు వచ్చేది వెస్టర్న్ బ్లాట్, జెల్ ఫొటోల దగ్గర. జెల్ గుండా కరెంటు పంపితే చిన్న ముక్కలు ఎక్కువ దూరం, పెద్ద ముక్కలు తక్కువ దూరం నడుస్తాయి. వెస్టర్న్ బ్లాట్‌లో అలా విడిపోయిన ప్రొటీన్లను జెల్ నుంచి ఒక పలచని పొర మీదికి దించి, కావాల్సిన ప్రొటీన్‌కి అంటుకునే యాంటీబాడీతో గుర్తిస్తారు. అలా కనిపించే మచ్చే బ్యాండ్. ఒక పక్కన, బరువులు ముందే తెలిసిన ప్రొటీన్ల మిశ్రమం నడిపిస్తారు. దాన్నే లేడర్ అనో మార్కర్ అనో అంటారు. మిగతా వరసల్లో కనిపించే బ్యాండ్ బరువెంతో ఆ లేడర్‌ని చూసే చెప్పాలి. అంటే లేడర్ ఈ ఫొటోకు రూలర్.

పేపర్లలో కనిపించే బ్లాట్ మాత్రం చాలాసార్లు ఒక సన్నటి అడ్డపట్టీ. లోపల నాలుగైదు నల్ల మచ్చలు, పక్కన ప్రొటీన్ పేరు. పైనా కిందా ఏముందో తెలియదు. ఒక ఊహా సందర్భం తీసుకుందాం. వెతుకుతున్న ప్రొటీన్ బరువు 55 కిలోడాల్టన్లు. వాడిన యాంటీబాడీ 55 దగ్గర పలచని బ్యాండ్, 70 దగ్గర దట్టమైన బ్యాండ్ చూపించింది. మందు ఇచ్చిన కణాల్లో 70 దగ్గరిది తగ్గింది, 55 దగ్గరిది మారలేదు. ఇప్పుడు 70 చుట్టూ సన్నగా కత్తిరించి పక్కన ప్రొటీన్ పేరు రాస్తే, మందు పనిచేసినట్టు కనిపిస్తుంది. 55 చుట్టూ కత్తిరిస్తే పనిచేయనట్టు. లేడర్ కూడా ఉన్న పూర్తి ఫొటో ముందుంటే పాఠకుడు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే, ఆ 70 దగ్గర ఉన్నది ఏమిటి అని. కత్తిరింపు ఆ ప్రశ్న పుట్టకుండా చేస్తుంది. అందుకే ఒకే కత్తెర మైక్రోస్కోప్ ఫొటోలో ఖాళీ జాగాను తీసేస్తే సర్దుబాటు, బ్లాట్‌లో రెండో బ్యాండ్‌ని తీసేస్తే డేటా దాచడం అవుతుంది.

లేడర్ కనిపించకపోవడానికి నిజాయితీ గల కారణం కూడా ఉంది, అది బయటివాళ్లకు తెలియదు. చాలా ల్యాబ్‌లలో వాడే రంగుల లేడర్ మామూలు వెలుతురులో కంటికి కనిపిస్తుంది గానీ, కాంతిని వెలువరించే రసాయనంతో బ్యాండ్లను ఫొటో తీసినప్పుడు కనిపించదు. కాబట్టి అదే పొరను కదపకుండా మామూలు వెలుతురులో రెండో ఫొటో తీసి, రెండింటినీ ఒకదానిమీద ఒకటి వేయాలి. రాత్రి తొమ్మిదింటికి బ్లాట్ ముగించే విద్యార్థి ఆ రెండో ఫొటో తీయడం మర్చిపోతే, లేడర్ ఎవరూ కత్తిరించకుండానే పోయినట్టు. అలాగే యాంటీబాడీ ఖరీదు ఎక్కువని కొందరు పొరనే ముందుగా బ్లేడుతో రెండు మూడు పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని ఒక్కో యాంటీబాడీలో ముంచుతారు. అప్పుడు "కత్తిరించని ఫొటో" అనేదే ఉండదు. ఇందులో దాచేదేమీ లేదు. పొరను ఎక్కడ కోశారో రాసి, పట్టీ అంచులు కనబడేలా ఫొటో మొత్తం ఇస్తే సరిపోతుంది.

స్టాప్ కణాల జెల్

2014 జనవరిలో నేచర్‌లో వచ్చిన స్టాప్ కణాల పేపర్ల కథలో, ఈ కొలబద్ద సంగతి చాలా స్పష్టంగా కనిపిస్తుంది. జపాన్‌లోని రికెన్ సంస్థకు చెందిన హరుకో ఒబొకాటా, మామూలు కణాలను ఆమ్లంలో కాసేపు ఉంచితే అవి మూలకణాల్లా మారతాయని సహ రచయితలతో కలిసి ప్రకటించారు. ఆ పేపర్లోని ఒక జెల్ బొమ్మలో మూడో వరస చుట్టూ నేపథ్యం తేడాగా ఉందని పాఠకులు పట్టుకున్నారు. రికెన్ కమిటీ అసలు ఫొటోలు తెప్పించి చూస్తే, ఆ వరస వేరే జెల్ నుంచి తెచ్చి అతికించిందని తేలింది. అతుకు కుదరాలని ఒక జెల్ ఫొటోను నిలువుగా సాగదీశారు కూడా.

ఇందులో అసలు చిక్కు కేవలం అతుకు కాదు. రెండు జెల్‌లలో ముక్కలు నడిచిన దూరాలు వేరు. ఒక్కోదానికి తన మార్కర్ ఉంది, కానీ ఒకదాన్ని సాగదీసి ఇంకోదాంట్లో పెడితే ఆ వరసకు ఏ మార్కర్ వర్తిస్తుందో చెప్పలేం. రెండు రూలర్ల నుంచి ముక్కలు కోసి ఒక రూలర్‌గా అంటించినట్టు. చూడటానికి స్పష్టంగా ఉండాలని అలా చేశానని, అది చేయకూడని పనని తనకు తెలియదని ఒబొకాటా చెప్పారు. కమిటీ ఆ వివరణ విని కూడా దాన్ని డేటా మార్పుగానే లెక్కగట్టింది, ఎందుకంటే రెండు జెల్‌ల మధ్య గీత ఒక్కటైనా పెట్టలేదు, బొమ్మ కింద రాతలో చెప్పలేదు. ఇంకో పరిశోధన కోసం వాడిన ఫొటోలను తిరిగి వాడటంపైనా కమిటీ తప్పు పట్టింది. 2014 జులైలో రెండు పేపర్లనూ నేచర్ వెనక్కి తీసుకుంది.

నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఏమంటాయి

ఫొటోలను అచ్చుకు ముందు పరీక్షించడం మొదట పద్ధతిగా పెట్టుకున్నది జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ, 2002లో. ఫొటోలు ఫిల్మ్ నుంచి కంప్యూటర్‌కు మారిన కాలం అది, అప్పటిదాకా చీకటి గదిలో కష్టపడితే గానీ కుదరని మార్పులు రెండు క్లిక్కుల పనయ్యాయి. అంగీకరించిన పేపర్లలో సుమారు నాలుగో వంతులో కనీసం ఒక బొమ్మను మళ్లీ చేయించాల్సి వచ్చిందనీ, అంగీకారం రద్దు చేయాల్సినంత తీవ్రమైనవి దాదాపు 1 శాతమనీ ఆ జర్నల్ చెప్పింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం గమనించాలి. నియమం తప్పిన వాళ్లలో అత్యధికులు మోసగాళ్లు కారు, నియమం తెలియనివాళ్లు.

ఆ జర్నల్ పెట్టిన నియమాలే తర్వాత చాలామందికి నమూనా అయ్యాయి. ఫొటోలోని ఏ ఒక్క భాగాన్నీ విడిగా పెంచకూడదు, మరుగుపరచకూడదు, జరపకూడదు, తీసేయకూడదు, కొత్తగా చేర్చకూడదు. వెలుగు, కాంట్రాస్ట్ మార్చాలంటే మొత్తం ఫొటోకు సమానంగా మార్చాలి, అసలులో ఉన్న సమాచారం దానివల్ల మాయం కాకూడదు. వేరు వేరు జెల్‌ల ముక్కలు కలిపితే మధ్యలో గీత కనబడాలి, రాతలో చెప్పాలి. నేచర్ జర్నళ్లు ఇంకొంచెం ముందుకెళ్లి, కత్తిరించిన బ్లాట్‌లో బ్యాండ్‌కి పైనా కిందా కనీసం ఆరు బ్యాండ్ల మందం జాగా వదలమన్నాయి. ఇందాకటి 55, 70 ఉదాహరణకు ఈ ఆరు మందాల నియమం పూర్తి మందు కాదు, రెండో బ్యాండ్ అంతకన్నా దూరంలో ఉంటే అప్పటికీ కనబడదు. అందుకే ప్లోస్ వన్ జర్నల్ 2019 నుంచి పూర్తి ఫొటోలనే అడుగుతోంది: ప్రతి బ్లాట్, జెల్ కత్తిరించని రూపాన్ని `S1_raw_images` అనే ఒకే ఫైలులో, లేడర్ కొలతలు గుర్తించి, పేపర్‌తో పాటు ఇవ్వాలి. పాఠకుడు కావాలంటే తెరిచి చూసుకోవచ్చు.

తప్పుకీ మోసానికీ హద్దు ఎక్కడన్నది అమెరికా ప్రభుత్వ నిర్వచనంలో సూటిగా ఉంది. పరిశోధన రికార్డు నిజాన్ని సరిగ్గా చూపకుండా పోయేలా డేటాను మార్చడం లేదా వదిలేయడం ఫాల్సిఫికేషన్ కిందకు వస్తుంది, నిజాయితీగా జరిగిన పొరపాటు రాదు. "వదిలేయడం" అన్న మాట కత్తిరింపుకు నేరుగా తగులుతుంది. ఏమీ చేర్చలేదు కదా, ఉన్నదాంట్లోంచి కొంత తీశాను అంతే కదా అన్న వాదన ఇక్కడ నిలబడదు.

మన దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లకు తెలిసింది ఎక్కువగా యూజీసీ 2018 నిబంధనలు. 10 శాతం లోపు పోలిక ఉంటే పర్వాలేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది అనే మెట్ల లెక్క. ఆ మెట్లు కాపీ కొట్టిన రాతను కొలవడానికి పెట్టినవి. లేడర్ కత్తిరించిన బ్లాట్‌ని పోలిక చూసే సాఫ్ట్‌వేర్ పట్టదు, థీసిస్‌కు 4 శాతం రిపోర్టు వచ్చినంత మాత్రాన బొమ్మలు శుభ్రంగా ఉన్నాయని కాదు. ఆ థీసిస్ నుంచి పేపర్ రాసి విదేశీ జర్నల్‌కు పంపినప్పుడు, అసలు ఫొటోలు పంపమని మెయిల్ వచ్చాక గానీ చాలామందికి ఈ సంగతి తెలియదు. అప్పటికి ఫొటో తీసిన సీనియర్ వెళ్లిపోయి ఉంటారు, ల్యాబ్ కంప్యూటర్ ఫార్మాట్ అయి ఉంటుంది.

కత్తిరించి తీరాల్సిన లేబుల్

అన్ని గుర్తులూ ఉంచాల్సినవి కావు. ఎక్స్‌రే, స్కాన్ ఫొటోల మూలల్లో రోగి పేరు, ఆసుపత్రి నంబరు, పుట్టిన తేదీ ఉంటాయి. ప్రచురించే ముందు అవి పోవాలి, అది రోగి హక్కు. కానీ అదే మూలలో, పేరుకు అంగుళం దూరంలో "L" లేదా "R" అనే సీసపు అక్షరం కూడా ఉంటుంది, అది శరీరంలో ఏ పక్కో చెప్పేది. పేరు తీసేద్దామని మూల మొత్తం కత్తిరిస్తే ఆ అక్షరం కూడా పోతుంది. ఆ తర్వాత పేజీ తయారీలో ఎవరైనా ఫొటోను అద్దంలోలా తిప్పేస్తే చేతి ఎక్స్‌రేలో అది ఎవరికీ తెలిసే దారి లేదు. ఛాతీ ఎక్స్‌రేలో అయితే గుండె అనుమానం రేపుతుంది, కానీ గుండె కుడివైపున ఉండే మనుషులు కూడా ఉంటారు, ఆ పేపర్ వాళ్ల గురించే కావచ్చు. అందుకే పేరు ఉన్న మేరకే తీసి, పక్క చెప్పే అక్షరం ఉంచాలి. పేరు మీద నల్ల పెట్టె పెట్టినప్పుడు దాన్ని ఫొటోలో పూర్తిగా కలిపేయాలి, స్లైడ్ మీద పెట్టె కింద అసలు పేరు అలాగే దాగి ఉంటే ఎవరైనా పెట్టె జరిపి చదివేయగలరు.

చూసేవాళ్లు ఎలా పట్టుకుంటారు

కత్తిరింపు తన జాడ తాను మిగల్చదు, పోయింది పోయినట్టే. కాబట్టి పరీక్షించేవాళ్లు మిగిలిన ముక్కలోంచే కొలత తీయడానికి చూస్తారు. మనిషి ఎర్ర రక్తకణం అడ్డంగా 7 నుంచి 8 మైక్రాన్లుంటుంది. కణజాలం ఫొటోలో ఒక్క రక్తకణం దొరికినా దాన్నే రూలర్‌గా పట్టి గీత సరైందో కాదో చెప్పొచ్చు. బంగారు నానో కణాల ఫొటోలో పరమాణు వరసలు కనిపిస్తే ఇంకా మంచిది, వాటిలో ప్రధానమైన వరసల మధ్య దూరం 0.235 నానోమీటర్లు, అది ఏ దేశంలో తీసినా మారదు. గీత ప్రకారం అది 0.4 వస్తే గీతే తప్పు. కాకపోతే ఇలాంటి సహజమైన కొలబద్ద ప్రతి ఫొటోలో ఉండదు. కొత్త పదార్థం, కొత్త జీవి అయితే రచయిత పెట్టిన గీతే దిక్కు.

ఒకే ఫొటోను వేరు వేరు చోట్ల కత్తిరించి రెండు ప్రయోగాలుగా చూపడం ఇంకో రకం. ఒక మూలలో రెండు ముక్కలూ కలుస్తాయి, అక్కడి మచ్చ, దుమ్ముకణం రెండింట్లోనూ ఉంటాయి. గీతలు, లేబుళ్లు కత్తిరించి కొత్తవి పెట్టడం ఇలాంటి పోలికను కప్పేయడానికి కూడా పనికొస్తుంది. ఫొటోల్లో తేడాలు వెతికే పరిశోధకురాలు ఎలిజబెత్ బిక్, ఇద్దరు సహచరులు 2016లో 20,621 పేపర్లలోని ఫొటోలను కంటితో పోల్చి చూస్తే 3.8 శాతం పేపర్లలో తేడా ఉన్న బొమ్మలు దొరికాయి. వాటిలో కనీసం సగం కావాలని చేసినట్టు అనిపించేలా ఉన్నాయని వాళ్లు రాశారు. ఆ లెక్కలో ఉన్నది ఫొటోల పునరావృతం మాత్రమే. పక్కన ఉన్న బ్యాండ్‌ని కత్తిరించి పారేసిన పేపర్లు ఆ పద్ధతికి చిక్కవు. వాటిని పట్టాలంటే అసలు ఫైలు చేతిలో ఉండాలి, అది రచయిత దగ్గరే ఉంటుంది.